మంత్రిగారూ, మీ శాఖ పంపే మెసేజ్‌లో తెలుగు గురించి ఒక మాట

పెన్షన్ల శాఖ మంత్రిగారికి నమస్కారం.

సార్, పోయినేడు మా పెద్దమ్మ ఫోన్‌కి మీ శాఖ ఆఫీసు నుంచి పెన్షన్ అప్లికేషన్ గురించి మెసేజ్ వచ్చింది, మాటకు మాట ఇది: "మీ అప్లికేషన్ వెరిఫికేషన్ ప్రాసెస్‌లో భాగంగా పెండింగ్‌లో ఉంది. రిక్వైర్డ్ డాక్యుమెంట్స్ 15 రోజుల్లో సబ్మిట్ చేయనిచో రిజెక్ట్ చేయబడును." ఆవిడకి అప్లికేషన్ తెలుసు, పెండింగ్ కూడా తెలుసు. పెండింగ్ అంటే ఆఫీసువాళ్లింకా చూస్తున్నారు, మనం ఊరికే ఉండాలి అనుకుని ఊరికే ఉంది, గడువు అయిపోయింది.

దీన్ని మీ వాళ్లకి చూపిస్తే ఏం చేస్తారో నాకు తెలుసు, "అచ్చ తెలుగు"లోకి మార్చేస్తారు: "తమ దరఖాస్తు ధ్రువీకరణ ప్రక్రియలో భాగంగా అపరిష్కృతముగా నున్నది. ఆవశ్యక పత్రములు 15 దినములలో సమర్పించనిచో తిరస్కరించబడును." ఇంగ్లీషు మాట ఒక్కటీ లేదు, అయినా పెద్దమ్మకి మొదటిదే నయం, అందులో సగమైనా తెలిసిన మాటలున్నాయి. అసలు ఈ రెండు వాక్యాలూ ఒకటే వాక్యం సార్, చొక్కా మార్చారంతే. "చేయబడును" అన్నప్పుడు ఎవరు చేస్తారో లేదు, "పెండింగ్" అన్నా "అపరిష్కృతం" అన్నా ఎవరి దగ్గర ఆగిందో లేదు.

నేను రాస్తే ఇలా రాస్తా: "మీ పెన్షన్ అప్లికేషన్ ఆగింది. మీ వయసు చూపించే కాగితం మాకు అందలేదు. ఆధార్ కార్డు జిరాక్స్ 15 రోజుల్లోపు తెచ్చి ఇవ్వండి. ఇవ్వకపోతే అప్లికేషన్ కొట్టేస్తాం." చూడండి, అప్లికేషన్, కార్డు, జిరాక్స్ అన్నీ ఉంచేశా. "రిక్వైర్డ్ డాక్యుమెంట్స్"కి తెలుగు మాట వెతకలేదు, ఏ కాగితమో దాని పేరే రాశా. "సబ్మిట్ చేయండి" బదులు "తెచ్చి ఇవ్వండి" అన్నా, ఎందుకంటే సబ్మిట్, వెరిఫై, అప్‌డేట్ లాంటివాటికి "చేయు" తగిలిస్తే క్రియ తయారైపోతుంది కదా, అందుకే రాసేవాడికి హాయి, కానీ ఆ "చేయు"లో అసలు పని కనపడదు. అడ్రస్ అప్‌డేట్ అంటే మార్చుకోవడం, ఫోన్ నంబర్ అప్‌డేట్ అంటే ఒక్కోసారి కొత్తగా ఇవ్వడం, రెండూ ఒకటి కావు కదా.

మరి ఏది ఉంచాలి, ఏది తీయాలి అంటే నేను వాడే చిన్న గుర్తు ఒకటుంది. బస్సులు, బిల్లులు, కార్డులు, డాక్టర్లు, వీటికి మన "లు" అంటుకుంది, మనవైపోయాయి, వదిలేయండి. "డాక్యుమెంట్స్", "అప్లికెంట్స్" అని ఇంకా ఇంగ్లీషు "స్"తోనే తిరుగుతుంటే ఆ మాట దగ్గర ఆగి చూడండి. ఇది నామవాచకాలకే పనికొస్తుంది, పైన చెప్పిన "చేయు" రకానికి పనికిరాదు, పూర్తిగా నమ్మేది కూడా కాదు. మాట ఎక్కడినుంచి వచ్చిందన్నది లెక్కలోకే తీసుకోకండి, దరఖాస్తు, రసీదు, వసూలు కూడా బయటినుంచి వచ్చినవే, వాటిని తీసేయమని ఎవరంటారు?

ఇక తిరగేసి చెప్తా, అంటే తెలుగు తీసి ఇంగ్లీషు పెట్టాల్సిన చోటు. ఆన్‌లైన్ ఫారం నింపే పద్ధతి చెప్పే కాగితంలో "సమర్పించు మీట నొక్కుము" అని రాశారు, స్క్రీన్ మీద చూస్తే Submit అని ఉంది. మనిషి ఆ కాగితం పట్టుకుని "సమర్పించు" ఎక్కడుందా అని వెతుకుతూ కూర్చుంటాడు. స్క్రీన్ మీద ఏముందో అదే రాయాలి, లేదా స్క్రీన్‌నే మార్చాలి. అలాగే కంప్యూటర్ సెక్షన్ వాళ్లకి పంపే నోట్‌లో "సర్వర్ డౌన్ అయితే బ్యాకప్ నుంచి రీస్టోర్ చేయండి" అనే ఉండాలి, వాళ్లు రోజూ మాట్లాడేది అదే, అక్కడ తెలుగు చేస్తే వాళ్లు మళ్లీ మనసులో ఇంగ్లీషులోకి తిప్పుకోవాలి. పెద్దమ్మకి పంపే మెసేజ్, వాళ్లకి పంపే నోట్ ఒకే మనిషి ఒకే ధోరణిలో రాస్తున్నాడు, గొడవంతా అక్కడుంది.

నేను అడిగేది ఒక్కటే సార్. కొత్త మెసేజ్ ఏదైనా పంపే ముందు మీ ఆఫీసు మెట్ల మీద పని కోసం కూర్చున్న అయిదారుగురికి చదివి వినిపించమనండి. "అర్థమైందా?" అని మాత్రం అడగొద్దు, అందరూ అయిందనే అంటారు. "ఇప్పుడు నువ్వేం చేయాలి, ఎప్పటిలోపు?" అని అడగమనండి. వాళ్లు తిరిగి చెప్పేటప్పుడు మీ మాట మార్చి వాళ్ల మాట వాడతారు చూడండి, "సబ్మిట్" అని మీరంటే "ఇచ్చి రావాలి" అంటారు. ఆ మాట రాసుకుని మెసేజ్‌లో పెట్టేయమనండి.

పెద్దమ్మ మళ్లీ అప్లికేషన్ పెట్టింది. ఈసారి మెసేజ్ వస్తే చదివి చెప్పడానికి నేను పక్కనున్నా, నా ఫోన్ నంబరే ఇచ్చాం.

ఇట్లు,
పెన్షన్‌కి అప్లికేషన్ పెట్టినావిడ ఇంటివాడు