‘మా పరిధి కాదు’ అన్నవారే ఎవరి పరిధో కూడా రాయాలి

సంపాదకులు గారికి,

ఏటా తుపానుల కాలం దగ్గరపడేసరికి విశాఖపట్నంలో చెట్ల కొమ్మల మీద అర్జీలు పెరుగుతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ను చూసినవారికి కారణం చెప్పనక్కరలేదు. సముద్రతీరం వైపు కొన్నిచోట్ల కరెంటు తీగలు భూమిలోకి వెళ్లాయి గానీ, మిగతా నగరంలో చాలా వీధుల్లో అవి ఇంకా మన తలల మీదే ఉన్నాయి. మా వీధిలోనూ ఒక కొమ్మ పెద్ద తీగల మీదికి వాలింది. ఒక కార్యాలయంలో అర్జీ ఇచ్చాం. కొన్ని వారాల తరువాత ఫోనుకు సందేశం వచ్చింది: ‘ఈ విషయం మా పరిధిలోనిది కాదు. అర్జీ ముగించడమైనది.’

వారి పరిధి కాదన్న మాట నిజమే. దాని మీద నాకు పేచీ లేదు. ఆ మాట మొదటి రోజే చెప్పి ఉంటే మాకు పనికివచ్చేది. అన్ని రోజులు ఉంచుకుని, చివరికి ఎక్కడికి వెళ్లాలో చెప్పకుండా తలుపు వేసేయడమే నాకు మింగుడు పడలేదు.

నేను ప్రభుత్వ కార్యాలయాల్లో గుమస్తాగా చేరి సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేసినవాడిని. కాగితం బల్ల మీద ఎందుకు పడి ఉంటుందో బల్లకు అవతలి వైపు నుంచి చూశాను. సోమరితనం వల్ల ఆగేవి జనం అనుకునేంత ఎక్కువ కావు. ఎక్కువగా ఆగేవి, ఆ పని తన చేతిలో లేదని తెలిసినా ఆ మాట రాతలో పెట్టడానికి జంకేవారి దగ్గర. రాస్తే పై అధికారి ‘తప్పించుకుంటున్నావా’ అంటాడేమోనని భయం. రేపు ఏదైనా జరిగితే ‘నీ పని కాదని నువ్వే ఎలా తేల్చావు’ అని అడుగుతారేమోనని మరో భయం. కాగితం కింద పెట్టి ఊరుకుంటే మాత్రం ఆ రోజుకు ఎవరూ ఏమీ అడగరు.

కొమ్మ సంగతే తీసుకుని చూద్దాం. బయటికి చిన్న పనిలాగే కనిపిస్తుంది: ఒక నిచ్చెన, ఒక కత్తి, ఇద్దరు మనుషులు. కానీ ఆ కొమ్మ 11 కేవీ లైను పక్కన ఉంటే సంగతి వేరు. స్తంభం పైభాగాన పెద్ద పింగాణీ ఇన్సులేటర్ల మీద మూడు తీగలు పోతుంటే అది సాధారణంగా 11 కేవీ లైను అనుకోవాలి. ఇళ్లకు సరఫరా ఇచ్చే తీగలు దానికి దిగువన ఉంటాయి. ఆ వోల్టేజీ దగ్గర తీగను ముట్టుకుంటేనే ప్రమాదమని లేదు, బాగా దగ్గరికి వెళ్లినా కరెంటు దూకవచ్చు. వానకు తడిసిన పచ్చికొమ్మ, తడి వెదురుగడ రెండూ కరెంటును మోసుకొస్తాయి. అందుకే అక్కడ కొమ్మ కొట్టే ముందు విద్యుత్ సిబ్బంది సబ్‌స్టేషన్ నుంచి లైన్ క్లియర్, అంటే సరఫరా ఆపిన లైను మీద పనిచేయడానికి అనుమతి, తీసుకుంటారు. ఫీడరు ఆపి, దగ్గరలో లైనును విడదీసే ఏబీ స్విచ్ తెరిచి, సరఫరా లేదని పరీక్షించి, లైనును రాడ్లతో ఎర్త్ చేసిన తరువాతే మనిషి పైకి ఎక్కాలి. సరఫరా ఆపాక ఎర్తింగ్ ఎందుకని అనిపించవచ్చు. ఏ ఇంట్లోనో దుకాణంలోనో సరిగా బిగించని జనరేటర్ నుంచి కరెంటు వెనక్కి రావచ్చు. అలాంటిది వచ్చినా పైనున్న మనిషి మీదికి పోకుండా భూమిలోకి పోవాలని ఆ ఏర్పాటు. పని అయ్యాక రాడ్లు తీసి, మనుషులంతా దిగారని నిర్ధారించుకుని, లైన్ క్లియర్ తిరిగి ఇస్తే గానీ సరఫరా వదలరు.

ఇవన్నీ వార్డు స్థాయి ఉద్యోగికి రావలసిన పనులు కావు. లైన్ క్లియర్ అడిగే అధికారమూ అతనికి లేదు. ‘మేము చేయలేం’ అనడం ఇక్కడ తప్పు కాదు, అలా అనడం అతని విధి. మొహమాటపడి పారిశుధ్య కార్మికుణ్ణి ఎక్కించినవాడే తప్పు చేసినట్టు. అయితే ఆ మాటను ఎలా రాయాలన్నది అసలు ప్రశ్న. మన కార్యాలయాల్లో వాడే మాట ఒకటుంది: ‘తగు చర్య నిమిత్తం సంబంధిత శాఖకు పంపడమైనది.’ అందులో ఏ చర్యో లేదు, ఏ శాఖో లేదు, ఎందుకు పంపారో లేదు. అందుకున్నవారు కూడా అదే మాట రాసి వెనక్కి పంపవచ్చు. పంపుతారు కూడా.

నా దగ్గర పనిచేసే గుమస్తా అయితే ఇలా రాయమనేవాడిని:

‘అర్జీలోని కొమ్మను ఈ రోజు చూశాము. 11 కేవీ తీగకు సుమారు మూరెడు దూరంలో ఉంది. లైన్ క్లియర్ లేకుండా మా సిబ్బంది దాన్ని తాకకూడదు. లైన్ క్లియర్ తీసుకునే అధికారం మాకు లేదు. కనుక కొమ్మ కొట్టే పనిని విద్యుత్ సెక్షన్ అసిస్టెంట్ ఇంజనీరు గారికి పంపుతున్నాము. స్తంభం సంఖ్య, ఫోటో జతచేశాము. కొట్టిన కొమ్మలను రోడ్డు మీద నుంచి తీసే పని మాది. తేదీ తెలియజేస్తే ఆ రోజే వాహనం పంపుతాము. అర్జీదారుకు ఈ ప్రతి ఇచ్చాము.’

కొద్ది వాక్యాలే. కానీ అందుకున్న ఇంజనీరు మళ్లీ మొదటి నుంచి విచారించనక్కరలేదు. కారణం అతను వెళ్లి చూసి సరిపోల్చుకోగలిగినది. కొమ్మ నిజంగా పెద్ద లైను దగ్గర లేకపోతే, ‘ఇది కేబుల్ టీవీ తీగ మాత్రమే’ అని కారణంతోనే తిప్పి పంపగలడు. మొత్తం అర్జీని వదిలించుకోకుండా కొమ్మలు తీసే పనిని తమ దగ్గరే ఉంచుకోవడమూ గమనించండి. ఆ వాక్యం లేకపోతే కొమ్మ కొట్టేస్తారు, అది వారం రోజులు రోడ్డుకు అడ్డంగా పడి ఉంటుంది, ఇంకొక అర్జీ పుడుతుంది.

ఇందులో నేను కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. 2005 నాటి సమాచార హక్కు చట్టం సెక్షన్ 6(3) చెప్పేది ఇదే. అడిగిన సమాచారం వేరే ప్రభుత్వ సంస్థ దగ్గర ఉంటే, దరఖాస్తును గానీ దానిలో తగిన భాగాన్ని గానీ ఆ సంస్థకు బదిలీ చేయాలి. అందిన నాటి నుంచి 5 రోజులు దాటకూడదు. బదిలీ చేసిన సంగతి దరఖాస్తుదారుకు వెంటనే చెప్పాలి. ‘తగిన భాగాన్ని’ అన్న మాటను ఆ చట్టం రాసినవారు ఎంతో ఆలోచించి పెట్టి ఉంటారని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

అదే చట్టం ఇంకో తేడానూ చూపిస్తుంది. మన కార్యాలయాల్లో ఎక్కువమంది తికమకపడేది అక్కడే. సమాచారం ఇవ్వాల్సిన బాధ్యత తనదే అయి, ఇవ్వడానికి మరో అధికారి సాయం కావాలంటే, సెక్షన్ 5(4) కింద సమాచార అధికారి ఆ సాయం కోరవచ్చు. సాయం చేయాల్సిన అధికారి నిర్లక్ష్యం చేస్తే 5(5) కింద అతన్నే సమాచార అధికారిగా పరిగణిస్తారు. సెక్షన్ 20లోని జరిమానా, రోజుకు రూ.250 చొప్పున గరిష్ఠంగా రూ.25,000, అతని దాకా వెళ్లవచ్చు. అంటే అధికారం లేనప్పుడు కాగితం వెళ్లిపోవాలి. అధికారం ఉండి నైపుణ్యం మాత్రమే లేనప్పుడు కాగితం తన దగ్గరే ఉండాలి, తెలిసినవాడి అభిప్రాయం మాత్రం తెప్పించుకోవాలి. చెట్టు మొదలు పుచ్చిపోయిందా లేదా అన్నది వార్డు ఉద్యోగికి తెలియకపోవచ్చు. తన సంస్థలోనే ఉన్న ఉద్యానవన సిబ్బందిని ఫలానా తేదీలోగా చూసి చెప్పమని అడగాలి గానీ, ఆ పేరు మీద ఫైలునే అటు నెట్టేయకూడదు. చెట్టును పూర్తిగా తీసేయాలని తేలితే నీరు, భూమి, చెట్ల రక్షణకు 2002లో వచ్చిన వాల్టా చట్టం కింద అనుమతి సంగతి వస్తుంది. అప్పుడు మళ్లీ అధికారం ఎవరిదన్న ప్రశ్న.

ఇలా అయితే ప్రతివాడూ పక్కవాడి మీదికి నెట్టేస్తాడని ఒక మిత్రుడు వాదించాడు. ఇప్పుడు జరుగుతున్నది అదే కదా, కారణం రాయకుండా! కారణం రాతలో ఉంటే నెట్టినవాడు దొరుకుతాడు. రెండు కార్యాలయాలూ కారణాలు రాసి కూడా ఒప్పుకోకపోతే, రెండోసారి తిరిగి వచ్చిన కాగితాన్ని మూడోసారి పక్కకు పంపకూడదు. ఇద్దరికీ పైన ఉన్న అధికారి దగ్గర పెట్టాలి. మన జిల్లాలో ఆ చోటు కలెక్టరే. సోమవారాల్లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అన్ని శాఖలవారూ ఒకే చోట కూర్చుంటారు కాబట్టి, ఇలాంటి చిక్కు అక్కడ తేలడం సులభం.

ఒక మినహాయింపు మాత్రం తప్పదు. తీగ తెగి పడినా, కొమ్మ తీగను తాకి నిప్పురవ్వలు వస్తున్నా కాగితం రాస్తూ కూర్చోకూడదు. ముందు విద్యుత్ ఫిర్యాదుల నంబరు 1912కు ఫోను చేయాలి, మనుషుల్ని పశువుల్ని దూరంగా ఆపాలి, ఆ తరువాతే రాత. అధికారం వేరేవారిదైనా, లైనుమన్ వచ్చేదాకా తాడు కట్టి దారి మూయించడం అక్కడున్న ఉద్యోగి చేయగలిగిన పనే.

అర్జీల కంప్యూటర్ వ్యవస్థను నడిపేవారిని నేను కోరేది ఒకటే. ‘మా పరిధి కాదు’ అన్న కారణంతో అర్జీని ముగించే వీలు తీసేయండి. ఆ మీట నొక్కగానే ఎవరికి పంపుతున్నారు, ఎందుకు, ఏ భాగం తమ దగ్గర ఉంచుకుంటున్నారు అన్న గళ్లు తెరుచుకోవాలి. అవి నింపకుండా ముందుకు కదలకూడదు. మూడు రోజుల్లో సరైన చోటికి పంపిన అర్జీని ఆ ఉద్యోగి పెండింగు లెక్కలో చూపకండి. అలా చూపినంతకాలం, పంపడం కన్నా ముగించేయడమే అతనికి లాభం.

ఈలోగా అర్జీ పెట్టే పాఠకులు కొమ్మ ఫోటోతో పాటు స్తంభం మీది సంఖ్య, పైన మూడు తీగలు ఉన్నాయా లేదా అన్నది కూడా రాయండి. ‘మా పరిధి కాదు’ అన్న జవాబు వస్తే, ఏ అధికారి పరిధో హోదాతో సహా తెలపమని అదే అర్జీ సంఖ్య మీద మళ్లీ అడగండి. మా వీధివాళ్లం ఈ వారం అదే చేశాం.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉద్యోగి,
సీతమ్మధార, విశాఖపట్నం