చివరి రెండు రాత్రులు పోర్ట్ బ్లెయిర్‌లోనే

నవంబరు అండమాన్ ప్రయాణంలో ఒక మార్పు చేద్దాం. నీల్ దీవిలో ఉదయం ఫెర్రీ ఎక్కి అదే మధ్యాహ్నం పోర్ట్ బ్లెయిర్‌లో విమానం అందుకోవాలన్న ఆలోచన వదిలేయండి. ఆ నెలలో బంగాళాఖాతంలో వాయుగుండం పడితే ఫెర్రీలు ఆపేస్తారు. టికెట్ డబ్బు తిరిగి వచ్చినా, మర్నాటి సీట్లు అప్పటికే నిండి ఉంటాయి. నాకు అసలు భయం అదే. అందుకే విమానం దిగగానే హేవ్‌లాక్ దీవి, తర్వాత నీల్, విమానానికి రెండు రోజుల ముందే పోర్ట్ బ్లెయిర్. సెల్యులర్ జైలు అప్పుడు చూద్దాం. ఒక ఫెర్రీ రద్దయినా పోయేది ఊరు చూసే సమయమే, విమానం కాదు.

ఫెర్రీ ఎక్కేటప్పుడే పెద్ద పెట్టెలు తీసుకుని ఒకచోట పేరుస్తారు, దారిలో చేతికందవు. ఆధార్, మందులు చేతిసంచిలో ఉంచుకోండి. వాంతుల మాత్ర ఓడ కదలడానికి అరగంట ముందే వేసుకోండి. కడుపులో తిప్పడం మొదలయ్యాక అది నిలవదు.