తండ్రి బురైదాలో, సంతకం వాట్సాప్‌లో: పిల్లల పాస్‌పోర్టుకు ఇన్ని తిప్పలా?

సంపాదకులు గారికి,

నమస్కారం. జగిత్యాల జిల్లా కోరుట్లలో నేను నెట్ సెంటర్ నడుపుతాను. ఏ ఊళ్లో చూసినా గల్ఫ్‌కు పోయినవాళ్లున్న ప్రాంతం కాబట్టి పాస్‌పోర్టు ఫారాలు నింపడం మాకు రోజూ ఉండే పనే. పెద్దవాళ్ల పాస్‌పోర్టుతో ఈమధ్య పెద్దగా ఇబ్బంది లేదు. పిల్లల పాస్‌పోర్టు దగ్గర, అందులోనూ తండ్రి విదేశంలో ఉన్నప్పుడు, బండి ఆగిపోతోంది. మొన్న ఎండాకాలం సెలవుల్లో జరిగింది ఒకటి రాస్తాను.

మా పక్క ఊరి ఆడమనిషి తొమ్మిదేళ్ల కొడుకును తీసుకుని వచ్చింది. భర్త సౌదీలో, బురైదా దగ్గర ఎలక్ట్రీషియన్. సెలవుల్లో భార్యాబిడ్డలను విజిట్ వీసా మీద పిలిపించుకోవాలని అతని ఆశ. ఆమె పాస్‌పోర్టు ముందే ఉంది, పిల్లవాడిదే కావాలి. నా దగ్గరికి రాకముందే ఆమె ఒక ఏజెంటు మాట విని, వంద రూపాయల స్టాంపు కాగితం మీద నోటరీ చేయించుకుని, వెయ్యి రూపాయల ఫీజు కట్టి, పక్క జిల్లాలోని పాస్‌పోర్టు కేంద్రానికి పోయి, ఉత్త చేతులతో తిరిగొచ్చింది. "అన్నా, మా ఆయన సంతకం పెట్టిండు కదా, ఫోన్ల ఉన్నది, సూడు" అని వాట్సాప్ తెరిచి చూపించింది. పిల్లల పాస్‌పోర్టుకు తల్లిదండ్రులు సమ్మతి తెలిపే అనెక్సర్-డి కాగితం, కింద నీలం సిరాతో అతని సంతకం, వెనక క్యాంపు గదిలోని ఇనుప మంచం కనిపిస్తూ తీసిన ఫొటో. కౌంటర్‌లో దాని ప్రింటు చెల్లదన్నారు. ఫైలు హోల్డ్‌లో పడింది.

ఇక్కడ జనానికి తెలియని సంగతి ఒకటుంది. 2016 డిసెంబరులో కేంద్రం పాస్‌పోర్టు నిబంధనలు సడలించింది. అప్పటినుంచి ఈ అనెక్సర్లన్నీ తెల్ల కాగితం మీద రాసిస్తే చాలు. నోటరీ అక్కర్లేదు, మేజిస్ట్రేటు సంతకం అక్కర్లేదు. అంటే ఆమె నోటరీకి పెట్టిన డబ్బు దండగ. తల్లిదండ్రులిద్దరూ ఇక్కడే ఉంటే అనెక్సర్-డి మీద ఇద్దరూ సంతకాలు చేస్తే సరిపోతుంది. కానీ ఒకరు విదేశంలో ఉంటే ఈ సడలింపు వాళ్ల దాకా పోదు. అక్కడున్నవారు ఇండియన్ ఎంబసీకో కాన్సులేట్‌కో వెళ్లి, పిల్లవాడికి పాస్‌పోర్టు ఇవ్వడానికి తమకు సమ్మతమేనని అఫిడవిట్ ఇచ్చి, దాన్ని అటెస్ట్ చేయించి ఇక్కడికి పంపాలి. ఇక్కడున్నవారు తమ అనెక్సర్-డితో పాటు దాన్ని పెట్టాలి.

ఆ నిబంధనే తప్పని నేననను. భార్యాభర్తలకు పడక, ఒకరు రెండోవారికి చెప్పకుండా పిల్లలను దేశం దాటించే కేసులు ఉంటాయి. సంతకం నిజంగా తండ్రిదేనా అని చూడాల్సిందే. కానీ చూసే పద్ధతి ఎవరి మీద పడుతోందో గమనించండి. బురైదా నుంచి ఎంబసీ ఉన్న రియాద్ సుమారు 350 కిలోమీటర్లు. అతనికి సెలవు శుక్రవారం ఒక్కటే, ఆ రోజు ఎంబసీకీ సెలవే. పాస్‌పోర్టు చూస్తే అతన్ని పనిలో పెట్టుకున్న కఫీల్ బీరువాలో ఉంది. అక్కడి చట్టం వద్దంటున్నా అలా ఉంచుకునేవాళ్లు ఉంటారని మా దగ్గర చిన్నపిల్లలకూ తెలుసు. దాన్ని అడిగి తీసుకోవడానికి అతనికి నాలుగు రోజులు పట్టింది. గురువారం జీతం కోత పెట్టించుకుని, బుధవారం రాత్రే బస్సెక్కి, పొద్దున క్యూలో నిలబడి ముద్ర వేయించుకున్నాడు. ఆ కాగితం కొరియర్‌లో పోతుందేమోనని భయపడి, ఊరికి వచ్చే మనిషి కోసం రెండు వారాలు ఆగాడు. ఖర్జూరాల డబ్బా, పిల్లవాడి బూట్ల మధ్య ప్లాస్టిక్ కవరులో చుట్టి వచ్చింది ఆ అఫిడవిట్.

ఈ రెండు వారాల్లో ఆమెకు దొరికిన సలహాలు వింటే భయమేసింది. సంతకం ఇక్కడే ఎవరితోనైనా గీకించమని ఒకరు. ఇంకొకరైతే, "అనెక్సర్-సి పెట్టు చెల్లె, అండ్ల భర్త సంతకం అక్కర్లేదు" అన్నారట. చాలామంది మునిగేది ఈ రెండో సలహాతోనే. అనెక్సర్-సి అనేది రెండోవారి సమ్మతి దొరకనప్పుడు ఒక్కరే ఇచ్చే డిక్లరేషన్. వదిలేసి పోయినవాళ్లు, విడిగా ఉంటూ సమ్మతి ఇవ్వనివాళ్లు ఉన్న ఇళ్లకు అది అవసరమే, అలాంటి ఆడవాళ్లకు నేనే నింపి ఇచ్చాను. కానీ రోజూ రాత్రి వీడియో కాల్‌లో మాట్లాడే మొగుడు సమ్మతి ఇవ్వలేదని రాసి సంతకం చేస్తే అది అబద్ధమే అవుతుంది. 1967 పాస్‌పోర్టు చట్టం 12వ సెక్షన్ ప్రకారం తెలిసి తప్పుడు వివరాలిస్తే రెండేళ్ల వరకు జైలు, ఐదు వేల రూపాయల వరకు జరిమానా, లేదంటే రెండూ. సలహా ఇచ్చినవాడు ఆ కాగితం మీద ఎక్కడా కనిపించడు.

అధికారులను నేను అడిగేది పెద్ద కోరికేమీ కాదు. విదేశాల్లోని మన ఎంబసీలు కూడా పాస్‌పోర్టులు ఇచ్చేది పాస్‌పోర్టు సేవ కిందనే. తండ్రి అక్కడి అధికారి ముందు నిలబడి సంతకం చేసినప్పుడు, ఆ కాగితాన్ని పిల్లవాడి దరఖాస్తు నంబరు మీద అక్కడే ఎక్కిస్తే ఇక్కడి కౌంటర్‌లో కనిపించదా? ముద్ర వేసేదీ ప్రభుత్వమే, ఆ ముద్రను చూసేదీ ప్రభుత్వమే. మధ్యలో కాగితం సూట్‌కేసులో ఎందుకు ప్రయాణం చేయాలి? పింఛనుదారులు బతికే ఉన్నామని జీవన్ ప్రమాణ్‌లో ఫోన్‌కు ముఖం చూపించి నిరూపించుకుంటున్నారు. కొడుక్కి పాస్‌పోర్టు ఇవ్వండని చెప్పడానికి తండ్రి ముఖం పనికిరాదా?

అది అయ్యేలోపు కనీసం ఒక పని చేయవచ్చు. మైనర్ దరఖాస్తులో తల్లిగానీ తండ్రిగానీ విదేశంలో ఉన్నట్టు తేలితే, ఫీజు కట్టే ముందే "ఎంబసీ అటెస్ట్ చేసిన అఫిడవిట్ ఒరిజినల్ ఉంటేనే అపాయింట్‌మెంట్ తీసుకోండి" అని తెలుగులో ఒక్క వాక్యం చూపించాలి. ఏ కాగితాలు కావాలో పాస్‌పోర్టు వెబ్‌సైటులో ఉన్నాయి, కాదనను. కానీ ఉన్నవి ఇంగ్లీషులో, వేరే పేజీలో. మా దగ్గరికి వచ్చే తల్లుల్లో దాన్ని తెరిచి చూసినవాళ్లను నేనింతవరకు చూడలేదు. ఎంబసీవాళ్లు దూరపు పట్టణాల్లో అప్పుడప్పుడు కాన్సులర్ క్యాంపులు పెడతారు కదా, ఆ తేదీలు కూడా అక్కడే కనిపిస్తే రియాద్ దాకా పోయే పని కొందరికి తప్పుతుంది.

అఫిడవిట్ చేతికొచ్చాక కేంద్రంలో పని అరగంటలో అయిపోయింది. పాస్‌పోర్టు తొమ్మిదో రోజున స్పీడ్ పోస్టులో వచ్చింది. అప్పటికి బడి తెరవడానికి వారం కూడా లేదు. విజిట్ వీసా దసరా సెలవులకు చూద్దామని భర్త అన్నాడట. పిల్లవాడు మాత్రం ఆ కొత్త బూట్లు వేసుకునే నా సెంటర్‌కు వచ్చి, పాస్‌పోర్టులో తన ఫొటో చూపించి పోయాడు.

— ఒక నెట్ సెంటర్ నిర్వాహకుడు,
కోరుట్ల, జగిత్యాల జిల్లా