ఫిజియోథెరపీకి పోయే పిల్లాడికి రోజూ ఒక పూట ఆబ్సెంటా?

సంపాదకుడు గారికి నమస్కారం.

మాది కర్నూల్లో కల్లూరు. మావాడు నాలుగో తరగతి, సైకిల్ మీద నుంచి పడి కుడి మోచేయి పైన ఎముక విరిగింది, ఆపరేషన్ చేసి సన్నటి పిన్నులు పెట్టి పిండికట్టు వేశారు, నాలుగు వారాల తర్వాత పిన్నులు, కట్టు రెండూ తీసేశారు. ఎముకైతే అతుక్కుంది గానీ అన్ని రోజులు కదలక మోచేయి బిగుసుకుపోయింది. ఫిజియోథెరపీ మేడమ్ డిగ్రీలు కొలిచే స్కేలు పెట్టి చూస్తే చెయ్యి నిటారుగా చాపడానికి ఇంకా 40 డిగ్రీలు తక్కువ ఉంది, మడిస్తే 90 దగ్గర ఆగిపోతోంది. అంటే ముద్ద కలుపుతాడు గానీ నోటి దాకా తెచ్చుకోలేడు, ఉగ్గాని పెట్టినా ఎడమ చేత్తో స్పూన్ పట్టుకుని తినేవాడు, చూస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమనేది. చిన్నపిల్లల్లో చాలామందికి ఆడుకుంటా ఉంటేనే చెయ్యి తిరిగొస్తుందంట, మావాడికి మాత్రం బిగువు ఎక్కువుంది కాబట్టి నెల రోజులు రోజూ రమ్మన్నారు. క్లినిక్‌లో మాకు దొరికిన టైమ్ పొద్దున ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర, సాయంత్రం అవే ఎక్సర్‌సైజులు ఇంట్లో మేమే చేయించాలి.

బడి తొమ్మిదికి. క్లినిక్ నుంచి ఆటోలో పోయేసరికి పది కొడుతుంది, ప్రేయర్ పక్కన పెడితే మొదటి పీరియడ్ 45 నిమిషాలు పోతుంది. అందుకే ముందే లెటర్ రాసిచ్చినా. మొదటిసారి నేనే తప్పు చేసినా, "కొన్ని రోజులు లేటుగా వస్తాడు" అని మాత్రమే రాసినా. అది క్లాస్ టీచర్ దగ్గరే ఉండిపోయింది, గేటు దగ్గరున్నాయనకి తెలీదు, మూడు రోజులు పిల్లాన్ని రెండో పీరియడ్ అయిపోయిన బెల్లు కొట్టేదాకా బయటే నిలబెట్టినారు, బ్యాగు ఆ చేతికే తగిలించుకుని. రెండో లెటర్‌లో అన్నీ వివరంగా రాసినా. ఏ తారీఖు నుంచి ఏ తారీఖు దాకా, పదింటికి వస్తాడని, ఎవరు దింపుతారని, బ్యాగు కుడిచేత్తో మోయకూడదని, డాక్టర్ చీటీ జిరాక్స్ కూడా జతచేసినా. ఇంకోటి పెద్దక్షరాలతో రాసినా, ఎవరూ ఆ చెయ్యి పట్టుకుని లాగి చాపొద్దు అని. ఎందుకంటే బడిలో ఒక సారు మంచికే "ఏదీ, చాపు నాయనా" అని గట్టిగా లాగినాడు, ఆ రోజు సాయంత్రానికి మోచేయి వాచి వేడెక్కింది. ఇంటి దగ్గర పెద్దోళ్లు కూడా నూనె పెట్టి తోమిస్తే వదులవుతుంది అంటారు, కానీ మోచేతిని బలవంతంగా లాగినా తోమినా చుట్టూ ఉన్న కండలోనే కొత్తగా ఎముక పెరిగి చెయ్యి ఇంకా బిగుసుకునే ప్రమాదం ఉందని డాక్టర్ గట్టిగా చెప్పినాడు. క్లినిక్‌లో కూడా వేడి కాపడం పెట్టి పిల్లాడితోనే మెల్లగా మడిపిస్తారు, వాడు నొప్పి అంటే అక్కడికి ఆపేస్తారు.

గేటు సమస్య తీరింది గానీ అసలు సమస్య హాజరు దగ్గర మిగిలిపోయింది. పొద్దున పేరు పిలిచినప్పుడు లేకపోతే ఆ పూట ఆబ్సెంటే, మా చేతుల్లో లేదు అంటున్నారు. లెక్క చూడండి సార్. ఆదివారాలు, రెండు సెలవులు తీసేస్తే ఈ నెలలో 24 బడి రోజులు. రోజుకి 45 నిమిషాలు అంటే మొత్తం 18 గంటలు, మహా అయితే మూడు రోజుల చదువు పోయినట్టు. రిజిస్టర్‌లో మాత్రం 24 పూటలు, అంటే 12 రోజులు రానట్టు పడుతుంది! తల్లికి వందనం లాంటి వాటికి 75 శాతం హాజరు చూస్తారు కదా, మధ్యలో జ్వరమొచ్చి ఇంకొన్ని రోజులు పోతే మాలాంటోళ్లు ఏం చేయాలి?

జిల్లా విద్యాశాఖ అధికారులు దీని మీద అన్ని బడులకీ ఒక స్పష్టమైన మాట చెప్పాలి. డాక్టర్ చీటీ, తారీఖులు ఉన్న లెటర్ ఇస్తే ఆ నెలకి ఒకటే పర్మిషన్ స్లిప్పు ఇవ్వాలి, పిల్లాడు వచ్చిన టైమ్ పక్కన రాసి హాజరు వేయాలి. ఇంకో చిన్న మాట, మావాడికి రోజూ మొదటి పీరియడ్ లెక్కలే. వారంలో రెండు రోజులైనా దాన్ని మధ్యాహ్నానికి మారిస్తే భాగహారాలు పూర్తిగా వెనకబడకుండా ఉంటాడు.

ఇప్పటికి 13 రోజులు అయింది. చాపడంలో తక్కువ 25 డిగ్రీలకి వచ్చింది, మడిస్తే 115 దాకా పోతోంది, మొన్న తల కొంచెం వంచి కుడి చేత్తోనే సంగటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఇంకా 11 రోజులు పోవాలి, ఈ 11 రోజులకైనా ఆబ్సెంట్ పడకుండా చూడమని మీ పత్రిక ద్వారా అడుగుతున్నా.

ఇట్లు,
ఒక తల్లి, కల్లూరు, కర్నూలు