ఆ అయిదు లక్షల విషయం

సత్యనారాయణపురం, విజయవాడ

చిరంజీవి రాఘవకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. నీకు వచ్చిన బోనసు అయిదు లక్షలూ ఇంటి లోనుకు కట్టేస్తున్నావని, దానితో పది లక్షల వడ్డీ మిగులుతుందని పద్మత్తయ్య చెప్పి వెళ్లింది. ఈమధ్య నీ ఫోను లేదు కనుక నిజమో కాదో మాకు తెలియదు. నీ డబ్బు, నీ ఇష్టం. నేను అడ్డు చెప్పబోను.

అత్తయ్య లెక్క తప్పు కాదు. నీ అప్పు 40 లక్షలు, వడ్డీ 8.5 శాతం, గడువు ఇంకా 15 ఏళ్లు. కిస్తీ మార్చకుండా 5 లక్షలు కడితే గడువు మూడేళ్లకు పైగా తగ్గి, పది లక్షలకు పైగా వడ్డీ తప్పుతుంది. అయితే అదంతా చివరి ఏళ్లలో కట్టనక్కరలేని కిస్తీల రూపంలో వచ్చేదే. ఈ 5 లక్షలను అదే 8.5 శాతానికి ఇంకెక్కడ పెరగనిచ్చినా ఫలితం అంతే. కాబట్టి మిగిలే మొత్తాన్ని కాక, ఆ డబ్బు మరోచోట పన్ను పోగా తెచ్చే శాతాన్ని చూడాలి. డిపాజిట్‌పై 7 శాతం వచ్చిందనుకున్నా, 30 శాతం పన్ను కట్టే నీకు అయిదు శాతం కూడా దక్కదు. లోనుకు కడితే ఇప్పటి వడ్డీ లెక్కన 8.5 శాతం ఖాయం, దానిపై పన్నూ లేదు. మ్యూచువల్ ఫండ్లు అంతకన్నా ఎక్కువ ఇవ్వవచ్చు, ఇవ్వకపోనూ వచ్చు; మార్కెట్ పడితే రాత్రిళ్లు నిద్ర మానుకునే నీ స్వభావం నాకు తెలుసు.

ఇంతవరకు అత్తయ్యదే గెలుపు. కానీ తెనాలి బాబాయి సంగతి గుర్తుందా? రిటైరయినప్పుడు వచ్చిన డబ్బంతా ఇంటి అప్పుకు జమచేసి, కాగితాలు విడిపించుకొని, వాటిని పూజగదిలో పెట్టి ఊరంతటికీ చూపించాడు. ఏడాది తిరగకుండానే పిన్నికి ఆపరేషన్ అవసరమయింది. కట్టిన డబ్బును బ్యాంకు వెనక్కి ఇవ్వదు. ఆ ఇంటిమీదే కొత్త అప్పు అడిగితే పింఛను సరిపోదని, ఇంటి విలువ కట్టాలని రోజులు గడిపింది. చివరకు నూటికి రెండు రూపాయల వడ్డీకి నోటు రాశాడు. అంటే ఏడాదికి 24 శాతం! తొమ్మిది శాతం అప్పు తీర్చినందుకు అతను చెల్లించిన మూల్యం అది.

నీ దగ్గర ఆరు నెలల కిస్తీలకు, ఇంటి ఖర్చులకు సరిపడా డబ్బు విడిగా ఉన్నదా? ఉంటే మొత్తం కట్టెయ్యి. లేకపోతే 2 లక్షలు కట్టి, 3 లక్షలు డిపాజిట్‌లో ఉంచుకో. దీనివల్ల నీకు పోయేది వడ్డీల తేడా మాత్రమే, ఏడాదికి దాదాపు పదకొండు వేలు. చేతిలో డబ్బు ఉండడానికి అది పెద్ద ధర కాదని నా ఉద్దేశం. మారే వడ్డీ లోను కనుక తరువాత కట్టినా అపరాధ రుసుము ఉండదు.

కట్టేటప్పుడు కిస్తీ కాక గడువు తగ్గించమని రాసి ఇచ్చి, కొత్త షెడ్యూలు తీసుకో. ఎండలో బ్యాంకుకు వెళ్లకు, పొద్దున్నే వెళ్లు. ఇప్పటికే కట్టేశావేమో ఆదివారం ఫోను చేసి చెప్పు.

మీ నాన్న