ఏడేళ్ల తర్వాత చనిపోయినట్టే, కానీ ఎప్పుడు? కేంద్ర న్యాయశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

నేను కోస్తాలోని ఒక చిన్న పట్టణంలో సివిల్ కేసులు చూసే న్యాయవాదిని. మనిషి కనిపించకుండా పోయిన ఇళ్ల నుంచి నా దగ్గరికి అప్పుడప్పుడూ ఆడవాళ్లు వస్తుంటారు. వాళ్లలో ఒకామె గురించి మీకు చెప్పాలనే ఈ ఉత్తరం. ఆమె పేరు, ఊరు రాయడం లేదు.

ఆమె భర్త తాపీమేస్త్రీ. 2014 జూన్‌లో పనికని బస్సెక్కి వెళ్లాడు, మళ్లీ రాలేదు. మూడు వారాలు చుట్టాల ఇళ్లన్నీ తిరిగి, చివరికి పోలీస్ స్టేషన్‌లో మిస్సింగ్ కేసు పెట్టారు. అతని పేరు మీద 4 లక్షల రూపాయల బీమా పాలసీ ఉంది. 2008 జనవరి నుంచి మూడు నెలలకోసారి 5,500 చొప్పున 26 వాయిదాలు కట్టాడు. చివరి వాయిదా 2014 ఏప్రిల్‌ది. అంటే అతను బస్సెక్కిన రోజున పాలసీ చక్కగా నడుస్తూనే ఉంది. జులై వాయిదా ఆమె కట్టలేకపోయింది. నెల గడువు దాటింది, ఆగస్టులో పాలసీ ల్యాప్స్ అయింది.

ఏడేళ్లు ఆగి కోర్టుకు వచ్చింది. మేం దావా వేశాం, అతను చనిపోయినట్టు భావించాలని డిక్రీ కూడా వచ్చింది. ఆ కాగితం పట్టుకుని బీమా ఆఫీసుకు వెళితే అక్కడి అధికారి అడిగిన మొదటి ప్రశ్న: “చనిపోయిన తేదీ ఏదమ్మా?” డిక్రీలో తేదీ లేదు. పాలసీ నడుస్తున్నప్పుడే చనిపోయాడని రుజువు చూపిస్తే 4 లక్షలు ఇస్తామన్నారు. లేకపోతే పాలసీ పెయిడప్ లెక్కలోకి, అంటే కట్టిన వాయిదాల మేరకే డబ్బు ఇచ్చే లెక్కలోకి వెళుతుంది. ఇరవై ఏళ్ల పాలసీలో కట్టాల్సిన 80 వాయిదాలకు 26 కట్టారు కాబట్టి వచ్చేది 1,30,000. నా ముందు కూర్చుని ఆమె అడిగిన మాట ఇది: “మావారు ఎప్పుడు పోయారో నాకే తెలిస్తే ఏడేళ్లు ఎందుకు ఎదురుచూస్తాను సార్?”

ఈ చిక్కు ఎక్కడ పుట్టిందో మీకు తెలుసు, చదివేవాళ్ల కోసం చెబుతాను. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 110, 111 సెక్షన్లు పక్కపక్కనే ఉన్నాయి. 1872 నాటి చట్టంలోని 107, 108 సెక్షన్లే ఇవి. గత ముప్పై ఏళ్లలో బతికి ఉన్నట్టు తెలిసిన మనిషి చనిపోయాడని ఎవరంటే వాళ్లే రుజువు చేయాలని మొదటిది చెబుతుంది. దానికి మినహాయింపు రెండోది. మనిషి బతికుంటే సహజంగా ఎవరికి కబురు అందాలో, వాళ్లకు ఏడేళ్లుగా ఏ కబురూ లేకపోతే రుజువు చేయాల్సిన బరువు అవతలి వైపుకు మారుతుంది. బతికే ఉన్నాడు అనేవాళ్లు అప్పుడు రుజువు చేయాలి. చట్టం చేసేది అంతే. అతను చనిపోయాడా అన్న ప్రశ్నకు జవాబు ఇస్తుంది, ఎప్పుడు చనిపోయాడు అన్నదానికి ఇవ్వదు. తేదీ ఎవరికి కావాలో వాళ్లే రుజువు తెచ్చుకోవాలి. ఎల్ఐసీకీ అనురాధ అనే ఆమెకూ మధ్య నడిచిన కేసులో 2004లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. ప్రశ్న కోర్టు ముందుకు వచ్చేనాటికి మనిషి లేడని మాత్రమే అనుకోవచ్చు, ఫలానా రోజున చనిపోయాడని అనుకోవడానికి వీల్లేదు, అందాకా ప్రీమియం కడుతూ పాలసీని నిలబెట్టుకోవాల్సిందేనని తేల్చింది.

తీర్పు చట్టానికి కట్టుబడి ఉంది, దాన్ని నేను తప్పుపట్టను. కానీ ఈ ఇంటి సంగతి చూడండి. ఏడేళ్లంటే 28 వాయిదాలు, 1,54,000 రూపాయలు. సంపాదించే మనిషి మాయమైన ఇంట్లో, అతను చనిపోయాడని నోటితో అనడానికి కూడా మనసొప్పని రోజుల్లో, అతని ప్రాణం మీద బీమా వాయిదాలు ఆమె కడుతూ పోవాలన్నమాట.

ఏడేళ్ల సంగతిని ఆఫీసుల్లో ఇంకో రకంగా కూడా తప్పుగా చదువుతున్నారు. ఏడేళ్లు నిండేదాకా ఏ కాగితమూ రాదని కౌంటర్లలో చెప్పి పంపేస్తారు. అది వెయిటింగ్ పీరియడ్ కాదు. చేతిలో సాక్ష్యం ఉంటే ఏడేళ్లతో పనే లేదు. తుపానులో పడవ బోల్తా పడి, తోటివాళ్లు ఈది ఒడ్డుకు చేరి, ఒక్కడే దొరకలేదనుకోండి. ఆ తోటివాళ్ల సాక్ష్యంతో అదే ఏడాది కోర్టు అతని మరణాన్ని నిర్ధారించవచ్చు, తేదీతో సహా. 2013లో ఉత్తరాఖండ్ వరదల తర్వాత, 2021లో అదే రాష్ట్రంలో జరిగిన చమోలీ వరద ప్రమాదం తర్వాత ప్రభుత్వమే ఏడేళ్లు ఆగలేదు. విచారణ చేసి, ప్రకటన ఇచ్చి, అభ్యంతరాలకు గడువు పెట్టి మరణ ధ్రువపత్రాలు ఇచ్చింది. కేంద్ర ఉద్యోగి కనిపించకుండా పోతే పోలీసు ఫిర్యాదు ఇచ్చిన ఆరు నెలలకే, నష్టం వస్తే భర్తీ చేస్తామని రాసిచ్చే ఇండెమ్నిటీ బాండు తీసుకుని కుటుంబ పెన్షన్ మొదలుపెడుతున్నారు. అతను తిరిగొస్తే ఏం చేయాలన్నది ఆ బాండులోనే ఉంటుంది. తాపీమేస్త్రీ భార్యకు ఆ వెసులుబాటు ఎందుకు లేదు?

నేను అడిగేవి రెండు. ఒకటి, 111వ సెక్షన్ కింద మరణాన్ని ప్రకటించే కోర్టు ఏ తేదీన చనిపోయినట్టు భావించాలో కూడా తప్పనిసరిగా రాయాలని చట్టంలో చేర్చండి. ఇంగ్లండ్‌లో 2013 చట్టం, స్కాట్లండ్‌లో 1977 చట్టం ఈ పని చేశాయి. సాక్ష్యం ఒక తేదీని చూపిస్తే ఆ తేదీ, ఏమీ లేకపోతే చివరిసారి బతికున్నట్టు తెలిసిన రోజు నుంచి ఏడేళ్లు నిండిన రోజు. ఇప్పుడు చట్టం అడగడం లేదు కాబట్టి మేం న్యాయవాదులం కూడా దావాలో తేదీ అడగడం లేదు, దానికి సాక్ష్యమూ పెట్టడం లేదు. ఈ కేసులో ఆ పొరపాటు నాదే. ఆమె తెచ్చిన సంచిలో అతని బ్యాంకు పాస్‌బుక్ ఉంది. బస్సెక్కిన మర్నాడు ఏటీఎంలో తీసిన 500 రూపాయలు చివరి ఎంట్రీ. దాని కింద ఎనిమిదేళ్లపాటు వడ్డీ జమలు తప్ప ఏమీ లేదు. కూలి డబ్బులతో బతికే మనిషి ఖాతాలో మిగిలిన 6,000 ముట్టకుండా వదిలేశాడంటే ఆ తర్వాత ఎక్కువ రోజులు లేడనడానికి అది గట్టి ఆధారమే. తేదీ రాయాల్సిన బాధ్యత ఉంటే ఏ జడ్జి గారైనా ఆ పేజీ దగ్గర ఆగేవారు.

రెండోది, ఆర్థిక శాఖతో మాట్లాడి చేయించాల్సిన పని. ఏ సాక్ష్యమూ లేని ఇళ్లలో ఏడేళ్లు నిండిన రోజే తేదీ అవుతుంది, అప్పటికి పాలసీ ఎలాగూ ల్యాప్స్ అయి ఉంటుంది. అందుకని పాలసీ నడుస్తుండగా మిస్సింగ్ కేసు నమోదై, ఆ సంగతి బీమా సంస్థకు రాతపూర్వకంగా తెలిపితే, అక్కడి నుంచి ప్రీమియం కట్టలేదన్న కారణంతో పాలసీ ల్యాప్స్ కాకూడదు. రావాల్సిన వాయిదాలను చివర్లో క్లెయిమ్‌లో కోసుకోమనండి. ఈమె విషయంలో 4 లక్షల్లో 1,54,000 పోయినా 2,46,000 చేతికొచ్చేవి. మోసం చేసేవాళ్లు ఉంటారని సంస్థలు అంటాయి. మనిషిని దాచిపెట్టి ఏడేళ్లు ఆగే మోసం అసలే లేదని నేను అనను. దానికి బాండు ఉంది, పోలీసు రిపోర్టు ఉంది, అతను బతికున్నాడని రుజువు చేసే హక్కు సంస్థకు ఎప్పుడూ ఉంది.

ఆమె ఆ 1,30,000 ఇంకా తీసుకోలేదు. ఫుల్ సెటిల్‌మెంట్ అని రాసిన వోచర్ మీద సంతకం పెడితే మిగతాది అడగలేమేమోనని భయం. పాస్‌బుక్ పేజీని సాక్ష్యంగా పెట్టి, ఈసారి తేదీ కోసం మళ్లీ దావా వేస్తున్నాం.

ఇట్లు,
ఒక జిల్లా సివిల్ కోర్టు న్యాయవాది