గేట్ స్కోరు మూడేళ్లు, ఎంసెట్ ర్యాంకు ఒక్క ఏడాదే

గ్రూపు సభ్యులకు నమస్కారం. నిన్న మిర్యాలగూడ నుంచి ఒక అమ్మాయి ఫోను చేసింది. 2024లో గేట్ రాసి, ఇంటి పరిస్థితుల వల్ల ఎంటెక్‌లో చేరలేదట. "సార్, మళ్లీ రాయాలా?" అని అడిగింది. అక్కర్లేదమ్మా అన్నాను.

గేట్ స్కోరు ఫలితాలు వచ్చిన రోజు నుంచి మూడేళ్లు చెల్లుతుంది. ఆమె ఫలితాలు 2024 మార్చి 16న వచ్చాయి. కాబట్టి 2024, 2025, 2026 ప్రవేశాలు మూడింటికీ అదే స్కోరు పనికొస్తుంది. వరంగల్ నిట్ వంటి సంస్థల్లో ఎంటెక్ సీట్లిచ్చే సీసీఎంటీ కౌన్సెలింగ్‌లో చూసేది ర్యాంకును కాదు, 1000కి లెక్కగట్టిన స్కోరును. వేర్వేరు ఏళ్లలో రాసినవారిని పోల్చేది దానితోనే.

చిక్కు వచ్చేది స్కోరు కార్డుతో. 2024 కార్డును మే 31 వరకు ఉచితంగా, డిసెంబరు 31 వరకు 500 రూపాయలకు ఇచ్చారు. ఆ తర్వాత ఇవ్వలేదు. ఈ అమ్మాయి అప్పుడే దించుకుని మెయిల్లో దాచుకుంది, బతికిపోయింది. మీ పిల్లలది ఇంట్లో ఉందో లేదో ఈ రోజే చూడండి.

ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగాలకు మాత్రం ప్రకటనలో ఏ ఏడాది గేట్ అడిగారో అదే ఉండాలి.

ఎంసెట్, అంటే ఇప్పటి ఈఏపీసెట్, ర్యాంకు ఆ ఏడాది ప్రవేశాలకే. పీజీఈసెట్, ఐసెట్, జేఈఈ మెయిన్ కూడా అంతే. సీటు నచ్చక ఆగితే మళ్లీ రాయాల్సిందే.